నలభై వేలలో సెకండ్ హ్యాండ్ బండి: ఈ మూడింట్లో ఏది?

ప్రశ్న: మాది విడవలూరు దగ్గర ఒక పల్లె. నెల్లూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రోజూ రానూపోనూ నలభై కిలోమీటర్లు. బస్సు టైముకి దొరక్క వారంలో రెండుమూడు రోజులు మొదటి క్లాసు పోతోంది. వడ్లు అమ్మిన డబ్బులో నాన్న నలభై వేలు ఇచ్చి, "ఇంతే, ఇంక అడగొద్దు" అన్నాడు. నాకు బండి నడపడం వచ్చు, లైసెన్సు ఉంది. అంతకు మించి ఏమీ తెలియదు, స్పార్క్ ప్లగ్ ఎక్కడుంటుందో కూడా. మూడు బండ్లు చూశాను. మొదటిది 2013 పల్సర్ 150, నా ఫ్రెండ్ వాళ్ల బావది, 32 వేలు. సీ బుక్ మాత్రం ఇంకెవరి పేరునో ఉంది, "పేరు నిదానంగా మార్చుకోవచ్చులే" అంటున్నారు. రెండోది 2018 స్ప్లెండర్ ప్లస్, మా పక్క ఊళ్లో రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఆయనది. ఆయనే ఫస్ట్ ఓనర్. 61 వేల కిలోమీటర్లు తిరిగింది, అక్కడక్కడా తుప్పు ఉంది, 42 వేలు చెబుతున్నాడు. మూడోది 2019 హోండా షైన్, నెల్లూరులో పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఉంది. తమిళనాడు నంబరు, 23 వేల కిలోమీటర్లే తిరిగిందట, కొత్తదానిలా మెరుస్తోంది, 33 వేలు. ఫ్రెండ్స్ పల్సర్ తీసుకోమంటున్నారు. స్ప్లెండర్ అంటే ముసలోళ్ల బండి అని నవ్వుతున్నారు. నాన్న డబ్బు పాడు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోవాలి?

సమాధానం: తమ్ముడూ, ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. చేతిలో నలభై వేలుంటే నలభై వేల బండి కొనకూడదు. బండి ఇంటికొచ్చాక మొదటి నెలలోనే నాలుగు ఖర్చులు వరసగా వస్తాయి. ఇన్సూరెన్స్ అయిపోయి ఉంటే థర్డ్ పార్టీ కట్టాలి. 75 నుంచి 150 సీసీ బండ్లకు 2022లో పెట్టిన అసలు ప్రీమియం 714 రూపాయలు. దాని మీద జీఎస్టీ, నీ పేరు మీద ప్రమాద బీమా కలిపితే పన్నెండు వందల దాకా తేలుతుంది. నువ్వు చూసిన మూడు బండ్లూ ఈ లెక్కలోకే వస్తాయి. తర్వాత పేరు మార్పిడి. ప్రభుత్వ ఫీజు కొన్ని వందలే, ఏజెంటు చేతిలో పెడితే పదిహేను వందలు దాటొచ్చు. ఆపైన ఆయిల్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ షూలు, కేబుళ్లు కలిపి ఒక మంచి సర్వీసు, ఇంకో పదిహేను వందలు. చివరగా ఏదో ఒక పెద్ద భాగం, టైరో చైన్ సాకెట్టో, మార్చాల్సే వస్తుంది. ఎంత పొదుపుగా చేసినా మొత్తం ఆరేడు వేలు. అంటే నువ్వు ఓనరు చేతిలో పెట్టగలిగింది ముప్పై మూడు, ముప్పై నాలుగు వేలు. మీ నాన్న ఇంకో రూపాయి ఇవ్వనని ముందే చెప్పాడు కాబట్టి ఈ గీత దాటితే బండి ఇంటి ముందు ఆగిపోయి ఉంటుంది, నువ్వు మళ్లీ బస్సే ఎక్కుతావు.

ఇంజన్ గురించి తెలియదని దిగులు పడుతున్నావు గానీ, ఈ మూడు బండ్లలో రెండింటి విషయం ఇంజన్ దాకా పోకుండానే చాలావరకు తేలిపోతుంది.

పల్సర్ చూద్దాం. మంచి బండే, ఇంజన్ కూడా బాగుండవచ్చు. చిక్కంతా కాగితాల్లో ఉంది. సీ బుక్‌లో పేరున్న మనిషి దగ్గర మీ ఫ్రెండ్ వాళ్ల బావ కొన్నాడు, పేరు మార్చుకోలేదు, ఇప్పుడు నీకు అమ్ముతున్నాడు. ఆర్టీఓ రికార్డుల్లో ఆ బావ దానికి ఓనరే కాదు. నీ పేరుకి మార్పించడం అతని ఒక్కడి చేతిలో లేదు. ఇప్పుడు పేరు మార్పిడికి ఆన్‌లైన్‌లో పెడితే ఓటీపీ సీ బుక్‌కి జతపడిన ఫోన్ నంబరుకు వెళ్తుంది. ఫారం 29, ఫారం 30 మీద సంతకం చేయాల్సిందీ ఆ మొదటి మనిషే. అతను ఊరు వదిలి వెళ్లినా, నంబరు మార్చినా, చనిపోయినా ఆ పని అక్కడే ఆగిపోతుంది. దారిలో పోలీసులు ఆపితే వేరేవాళ్ల బండి నీ దగ్గర ఎందుకుందో చెప్పుకోవాలి. ఏదైనా దెబ్బ తగిలితే నష్టపరిహారం కేసు ఆ మొదటి మనిషి మెడకు చుట్టుకుంటుంది, అతను ఊరికే కూర్చోడు, నిన్ను వెతుక్కుంటూ వస్తాడు. రేపు చదువు అయిపోయి అమ్ముదామంటే, నీలాగే ఏమీ తెలియని ఇంకో కుర్రాడు దొరికితే తప్ప ఎవరూ కొనరు.

ఫ్రెండ్‌కి కాదని చెప్పడం కష్టంగా ఉంటుంది, అది నాకు తెలుసు. బండి బాగాలేదని అనకు, అలా అంటే మాట పెరుగుతుంది. "పేరు మార్చి నా పేరు మీద పెట్టిస్తే తీసుకుంటా" అని చెప్పు. బావ నిజంగా మొదటి ఓనరుని పిలిపించి, అతని దగ్గర్నుంచి నేరుగా నీ పేరుకి మార్పించగలిగితే పల్సర్ కూడా లెక్కలోకి వస్తుంది. అలా చేయలేకపోతే కాదన్నది నువ్వు కాదు, కాగితం.

కాగితం కుదిరినా ఇంకో రెండు విషయాలు చూసుకో. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది. 2013 బండికి 2028లో అయిపోతుంది. ఆ తర్వాత బండిని ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్లి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి రెన్యువల్ చేయించాలి. ఆ గడువు దగ్గరపడేకొద్దీ అమ్మకం ధర పడిపోతూ ఉంటుంది. రెండోది పెట్రోలు. నెలకు ఇరవైనాలుగు రోజులు కాలేజీ అనుకుంటే 960 కిలోమీటర్లు. పాత పల్సర్ లీటరుకు నలభై ఐదు ఇస్తే ఇరవై ఒక్క లీటర్లు దాటుతుంది. స్ప్లెండర్ అరవై ఇస్తే పదహారు లీటర్లు చాలు. ఐదు లీటర్ల తేడా, అంటే నెలకు ఐదారు వందలు. "ముసలోళ్ల బండి" అని నవ్వేవాళ్లు ఆ ఐదారు వందలు ఇవ్వరు కదా.

ఇక షైన్. ఆ మెరుపు చూసి మోసపోకు. అమ్మకానికి పెట్టే ముందు పాలిష్ కొట్టడం కన్సల్టెన్సీల్లో మామూలే, అందులో తప్పు కూడా ఏమీ లేదు. 23 వేల కిలోమీటర్ల మాటే నిజమో కాదో చూడాలి. మీటర్ తిప్పడం పెద్ద విద్య కాదు. మీటరు అబద్ధం చెప్పినా, కాలూ చెయ్యీ తగిలే చోట్లు చెప్పవు. ఫుట్ రెస్టు రబ్బర్ల మీద గీతలు అరిగి నున్నగా అయ్యాయా, బ్రేక్ పెడల్ అంచు మెరిసిపోయిందా, హ్యాండిల్ గ్రిప్పుల గరుకు పోయిందా, హారన్ బటన్ మీద బొమ్మ చెరిగిందా చూడు. గ్రిప్పులు, రబ్బర్లు అన్నీ కొత్తవే ఉంటే అదీ అనుమానమే, 23 వేలకే అవన్నీ మార్చాల్సిన పని రాదు. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3122 అని ఉంటే 2022లో 31వ వారం తయారైందని. ముందు టైరు అంత తొందరగా అరగదు. 2019 బండికి ముందు చక్రంలో 2022 నాటి టైరు ఉంటే ఎందుకు మార్చారని అడుగు. పగిలిందనో పంక్చర్లు ఎక్కువయ్యాయనో చెప్పొచ్చు. అది నిజమే కావచ్చు కూడా. కానీ ఇలాంటి గుర్తులు రెండుమూడు కలిసి కనిపిస్తే మీటరు మీద నమ్మకం వదిలేయి.

తమిళనాడు నంబరు అనగానే నాకు తట్టే ఇంకో ప్రశ్న, ఆ బండి నీళ్లలో మునిగిందా అని. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చెన్నైలో వీధులకు వీధులు మునిగాయి. మునిగిన బండ్లు తర్వాత ఎక్కడో ఒకచోట అమ్ముడుపోవాల్సిందే, నెల్లూరు చెన్నైకి దగ్గర. మునిగిన బండి మొదట్లో బాగానే నడుస్తుంది. కొన్ని నెలల తర్వాత వైర్ల కనెక్షన్లలో చిలుము పట్టి సెల్ఫ్ పనిచేయదు, లైట్లు ఆరిపోతాయి, బండి దారిలో ఊరికే ఆగిపోతుంది. కారణం పట్టుకోవడం మంచి మెకానిక్కుకి కూడా కష్టం. దీన్ని కనిపెట్టడానికి మెకానిక్ జ్ఞానం అక్కర్లేదు. సీటు తీయించు. బ్యాటరీ పెట్టె మూలల్లో, వైర్ల కట్టల మధ్య ఆరిన ఒండ్రు ఉందేమో వేలితో రాసి చూడు. వైర్లు కలిసే ప్లగ్గు ఒకటి విప్పించి చూడు, లోపలి రాగి మీద ఆకుపచ్చగా ఉంటే మంచిది కాదు. హెడ్‌లైట్ అద్దం లోపల, మీటరు అద్దం లోపల ఆవిరి మరకలు ఉన్నాయా చూడు. పైకి ఎంత పాలిష్ కొట్టినా ఈ చోట్లకు ఎవరూ పోరు.

ఆ బండి ఒక్క చుక్క నీరు చూడలేదనుకుందాం. అప్పుడు కూడా 33 వేలతో అయిపోదు. తమిళనాడులో ఆ బండి రిజిస్టర్ అయిన ఆర్టీఓ ఆఫీసు ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, ఇవ్వాలి. చలానాలు, ఫైనాన్స్ బాకీ ఏమున్నా అది రాదు. అది వచ్చాక ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, బండి చూపించి, ఏపీ నంబరు తీసుకోవాలి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ తిప్పకూడదు. ఆ పన్ను బండి ధర, వయసు మీద ఆధారపడుతుంది కాబట్టి కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద పోకు. నెల్లూరు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి మోడల్, సంవత్సరం చెప్పి ఎంత పడుతుందో ముందే అడుగు. "ఎన్‌ఓసీ మేం తెప్పిస్తాం అబ్బయ్యా, నువ్వు బండి తీసుకుపో" అంటే ఒప్పుకోకు. ఎన్‌ఓసీ కాగితం నీ కళ్ల ముందు ఉన్నాకే డబ్బు సంగతి. అది ఉండి, పన్ను, బదిలీ ఖర్చులు కలిపి మొత్తం నలభై వేలలోపు వస్తే, మునిగిన గుర్తులు కనపడకపోతే, షైన్ చెడ్డ ఎంపిక కాదు. స్ప్లెండర్ కంటే కాస్త లాగుడు ఎక్కువ, సీటు కూడా సౌకర్యం. ఒక్క అనుమానం మిగిలినా వదిలేయి.

స్ప్లెండర్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. ఎందుకంటే మూడింట్లో ఏమున్నదీ దాచకుండా కనిపిస్తున్న బండి ఇదే. ఫస్ట్ ఓనర్, పక్క ఊరి మనిషి, దాచని 61 వేల కిలోమీటర్లు. 97.2 సీసీ ఇంజన్, సరిగ్గా ఆయిల్ పోస్తే ఆ కిలోమీటర్లు దానికి భారం కాదు. 2020 ఏప్రిల్‌కి ముందుది కాబట్టి కార్బరేటర్ బండి. ఆ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, దాని సెన్సరు పోతే విడవలూరు మెకానిక్ చేతులెత్తేస్తాడు, నెల్లూరు షోరూమ్‌కి మోసుకుపోవాలి. దీనికి అలా కాదు, పాడైతే ఊళ్లోనే బాగవుతుంది, పార్టులు కోవూరులో కూడా దొరుకుతాయి.

భయమంతా రొయ్యల గుంటలే. ఉప్పునీటి గట్ల మీద తిరిగిన బండి, మేత బస్తాలు మోసిన బండి వేరుగా అరుగుతుంది. చువ్వల మీద, రిమ్ మీద, నట్ల మీద ఎర్రగా కనిపించే పైపై తుప్పుని పట్టించుకోకు. ధర తగ్గించమనడానికి అది నీకు పనికొస్తుంది. భయపడాల్సిన తుప్పు కిందా లోపలా ఉంటుంది. సెంటర్ స్టాండ్ ఫ్రేముకి అతికిన చోట, వెనక చక్రాన్ని పట్టుకునే రెండు చేతుల అడుగున, బ్యాటరీ కింది రేకు దగ్గర తాళం చెవి కొనతో గట్టిగా గీసి చూడు. పొడి రాలితే ఫర్వాలేదు. పొరలు పొరలుగా ఊడి వస్తుంటే, చెవి లోపలికి దిగుతున్నట్టుంటే ఆ బండి వద్దు. ఫ్రేము పాడైతే దానికి మరమ్మతు లేదు, వెల్డింగ్ పెట్టించి నడపడం నీ ప్రాణాలతో ఆట. సైలెన్సర్ కింద చిల్లి పడి ఉంటే అది వేరే సంగతి. ఇప్పటికి చిన్న వెల్డింగ్ సరిపోతుంది, మార్చాల్సి వస్తే రెండు మూడు వేలు. బస్తాలు మోసిన గుర్తు వెనక షాక్ అబ్జార్బర్లలో దొరుకుతుంది. నువ్వు సీటు మీద కూర్చుని ఎగిరినప్పుడు ఒక్కసారి కిందికిపోయి పైకొచ్చి ఆగాలి. రెండుమూడు సార్లు ఊగినా, రాడ్ మీద ఆయిల్ తడి కనిపించినా అవి అయిపోయినట్టే.

ఇంజన్ చూడటానికి ఒకటే పద్ధతి నేర్చుకో. ముందు రోజు రాత్రి ఆయనకి ఫోన్ చేసి, "పొద్దున ఆరున్నరకి వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పు. వెళ్లగానే ఇంజన్ రెక్కల మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట, ఇంకో రోజు వస్తానని వచ్చేయి. వేడెక్కిన ఇంజన్ తన జబ్బుల్ని దాచేస్తుంది. చల్లగా ఉంటే బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ కుడిపక్క కింద ఉండే ఆయిల్ మూత విప్పు. దానికి పుల్ల ఉంటుంది. గుడ్డతో తుడిచి, మర తిప్పకుండా ఊరికే లోపల పెట్టి తీసి చూడు. ఆయిల్ పుల్ల మీది రెండు గీతల మధ్య ఉండాలి. నల్లగా ఉన్నా ఫర్వాలేదు, ఎలాగూ మారుస్తావు. పుల్ల కొనకు కూడా తగలకపోతే ఆయన ఆయిల్ లేకుండా నడిపాడు, లోపల అరుగుదల ఉంటుంది. పాలు కలిసిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. గుంటల దగ్గర బండికి ఇది జరగని పని కాదు.

ఇప్పుడు స్టార్ట్ చేయి. చోక్ వేసి నాలుగైదు కిక్కుల్లో అందుకోవాలి. ఒక మనిషి సైలెన్సర్ వెనక నిలబడి చూడాలి. మొదట్లో తెల్లటి ఆవిరి వచ్చి పోతే అది చలికి మామూలే. నీలం పొగ, కాలిన నూనె వాసనతో వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. అందులోనూ తేడా ఉంది. స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు పోయి ఉంటాయి, వెయ్యి, పదిహేను వందల పని. ఐదు నిమిషాలు వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులు, బోరు అరిగాయి, ఆరేడు వేల పని. మొదటిది బేరం, రెండోది వెనక్కి తిరిగిరావడం. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోంది, కార్బరేటర్ శుభ్రం చేసి ట్యూన్ చేస్తే సరిపోవచ్చు. ఇంజన్ లోపల గొలుసు రాసుకుంటున్నట్టు గలగలమంటూ ఉంటే టైమింగ్ చైన్ మార్చాలి.

నడిపేటప్పుడు నాలుగో గేరులో ముప్పై మీద పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పు. ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు పోయాయి. ఖాళీ రోడ్డు మీద హ్యాండిల్ పట్టు కాస్త సడలించు, చేతులు మాత్రం వదలొద్దు. బండి ఒక పక్కకు లాగితే ఎప్పుడో గట్టిగా గుద్దుకుని ఉంటుంది. ఆపాక సెంటర్ స్టాండ్ మీద వెనక ఒకరు బరువు వేస్తే ముందు చక్రం లేస్తుంది. అప్పుడు హ్యాండిల్‌ని మెల్లగా ఇటూ అటూ తిప్పు. నిండా మెత్తగా తిరగాలి, సరిగ్గా మధ్యలో టక్కున పట్టుకున్నట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ మెడలో ఉండే బేరింగు, పోయింది. చైన్‌ని వెనక సాకెట్టు చివరన వేలితో వెనక్కి లాగు. పంటి సగం బయటపడితే చైన్ సాకెట్ సెట్టు మార్చాలి, పదిహేను వందల దాకా.

ఇంత చేశాక కూడా ఒక మెకానిక్‌ని తీసుకెళ్లడం మంచిదే. మూడు నాలుగు వందలు ఇచ్చినా నష్టం లేదు. ఓనరు చూపించిన మెకానిక్ వద్దు, మీ ఊళ్లో మీ నాన్నకు తెలిసినవాడైతే మేలు. అతన్ని "బండి బాగుందా?" అని అడగకు. "బాగుంది" అనడం అందరికీ తేలిక. "ఈ బండి మీద ఆరు నెలల్లో నేను ఎంత పెట్టాల్సి వస్తుంది? ఒక్కోటి చెప్పన్నా, రాసుకుంటా" అని అడుగు. అప్పుడతను నిజంగా వంగి చూస్తాడు.

ఆ కాగితమే నీ బేరం. ఇలా వచ్చిందనుకో: వెనక టైరు అరిగింది, 1,700. చైన్ సాకెట్, 1,500. వాల్వు సీళ్లు, 1,500. సైలెన్సర్ వెల్డింగ్, 300. ఇన్సూరెన్స్ అయిపోయింది, 1,200. కలిపితే 6,200. ఆయన చెప్పిన 42లోంచి తీసేస్తే 35,800. అది కూడా నీ గీత దాటింది. "పాత బండి అన్నాక ఇవి ఉండవా?" అని ఆయనా అంటాడు, అందులో న్యాయం ఉంది. నువ్వు 33 దగ్గర మొదలుపెడితే 35, 36 మధ్య ఎక్కడో ఆగుతుంది. 36కి తీసుకుంటే నీ చేతిలో నాలుగు వేలే మిగులుతాయి. అప్పుడు ఇన్సూరెన్స్, పేరు మార్పిడి, ఆయిల్ ముందు చేయించుకుని, టైరు, చైన్ ఒక్కో నెలకు ఒక్కోటి అని పెట్టుకోవాలి. అరిగిన టైరుతో వానాకాలం పోవడం మాత్రం వద్దు. వెనక టైరుకి ఆయన చేతే డబ్బు పెట్టించగలిగితే బండికి ఇంకో వెయ్యి ఎక్కువ ఇచ్చినా సరే. 37 దాటితే నేనైతే ఆగుతాను.

ఆగితే ఏం చేయాలంటావేమో. స్ప్లెండర్ పేరుకే ఒక రేటు ఉంది, ఆ రేటు నువ్వు కడుతున్నావు. అదే కంపెనీ హెచ్ఎఫ్ డీలక్స్‌లో ఉండేది అదే 97.2 సీసీ ఇంజన్. పార్టులు చాలావరకు కలుస్తాయి, మైలేజీ అంతే. పేరు తక్కువ కాబట్టి అదే వయసు బండి కొన్ని వేలు తక్కువకే వస్తుంది. బజాజ్ ప్లాటినా కూడా అంతే, చూడ్డానికి సాదా, నడకలో నమ్మకం. ఇంకోటి, ఏప్రిల్, మే నెలల్లో ఫైనలియర్ వాళ్లు హాస్టళ్లు ఖాళీ చేస్తూ బండ్లు అమ్ముతారు. వాళ్లకు ఊరికి పోయే తొందర ఉంటుంది, బేరం నీ వైపు మొగ్గుతుంది. అప్పటిదాకా ఆర్టీసీ స్టూడెంట్ పాస్‌తో నెట్టుకురాగలిగితే నలభై వేలకు ఇంకా మంచి బండి దొరుకుతుంది. రాలేకపోతే, మొదటి క్లాసు పోతూ అటెండెన్స్ తగ్గితే అయ్యే నష్టం కూడా లెక్కే కాబట్టి, ఇప్పుడున్న స్ప్లెండర్‌తో కుదుర్చుకో.

ఏ బండి అయినా డబ్బు ఇచ్చే ముందు రాత్రి నంబరుని mParivahan యాప్‌లో కొట్టి చూడు. రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. ఫైనాన్స్ ఉంటే, "అప్పు ఎప్పుడో తీర్చేశాం" అన్న మాట చాలదు, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 ఉండాలి. echallan.parivahan.gov.in లో చలానాలు చూడు, ఉంటే అమ్మేవాళ్లే కట్టాలి. సీ బుక్‌లో ఛాసిస్ నంబరు, హ్యాండిల్ కింద ఫ్రేము మీద కొట్టిన నంబరు, ఇంజన్ మీది నంబరు మూడూ అంకె అంకెకీ కలవాలి. గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు అనిపిస్తే ఒక్క మాట కూడా మాట్లాడకుండా వచ్చేయి.

డబ్బు చేతికి ఇవ్వొద్దు, ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో పంపు, లెక్క ఉంటుంది. ఆయన ఆధార్ కాపీ, ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద సంతకాలు అదే రోజు తీసుకో. తెల్లకాగితం మీద బండి నీకు అప్పజెప్పిన తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకం చేయండి. దానివల్ల ఆయనకీ మేలే, ఆ నిమిషం నుంచి బండి నీ దగ్గరే ఉందని చూపించుకోవచ్చు. ఓ రెండు మూడు వేలు ఆపి పెట్టుకుని, ఆన్‌లైన్ దరఖాస్తుకి ఆయన ఫోన్‌కి ఓటీపీ వచ్చి పని పూర్తయ్యాక ఇస్తానని చెప్పు. పక్క ఊరి మనిషి కాబట్టి ఒప్పుకుంటాడు. అమ్మిన తర్వాత పేరు మార్పిడికి నువ్వు ముప్పై రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, దాన్ని చివరిదాకా లాగొద్దు. ఇన్సూరెన్స్ ఇంకా నడుస్తుంటే, అది కూడా నీ పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లో కంపెనీకి రాయాలి.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు మీ నాన్నని కూడా తీసుకెళ్లు. ఇంజన్ గురించి ఆయనకీ తెలియకపోవచ్చు, కానీ గుంటల దగ్గర ఆ మనిషి బండిని ఎలా వాడాడో ఆ ఊళ్లో ఎవరిని అడగాలో ఆయనకి తెలుసు.